అరబిక్ లైన్లో తిరగబడే డోర్ నంబరు, ఫోన్ నంబరు, చుక్క: సరిచేసే పద్ధతి

అరబిక్ వాక్యం మధ్యలో ఇంటి నంబరు 7-5-32/A అని టైపు చేస్తే తెర మీద A/32-5-7 అని కనిపిస్తుంది. ఫోన్ నంబరు ముందుండాల్సిన ప్లస్ గుర్తు చివరికి పోతుంది. కంపెనీ పేరు చివర ఉన్న చుక్క పేరుకు ముందు వచ్చి కూర్చుంటుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల దగ్గరైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా, గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల అనుభవ ధ్రువపత్రాలు అరబిక్‌లో కంపోజ్ చేసే డీటీపీ ఆపరేటర్లు పదే పదే అడిగేది ఇదే: అనువాదకుడు పంపిన ఫైలు సరిగ్గానే ఉంది, మా దగ్గర ఎందుకు తిరగబడింది?

ఇది చదవడానికి అరబిక్ రానవసరం లేదు. అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు ఎక్కడుండాలో తెలిస్తే చాలు. ఇక్కడ చెప్పే మీటలన్నీ విండోస్, వర్డ్, నోట్‌ప్యాడ్‌లకు సంబంధించినవి.

## 1. ముందు ఈ ఒక్క సంగతి పట్టుకోండి

కంప్యూటర్ అక్షరాలను మనం టైపు చేసిన వరసలోనే దాచుకుంటుంది. తెర మీద ఏది కుడివైపు, ఏది ఎడమవైపు పెట్టాలన్నది చూపించే సమయంలో లెక్క వేస్తుంది. ఆ లెక్కకు యూనికోడ్ పెట్టిన నియమాలున్నాయి. నంబరు తిరగబడి కనిపిస్తే చాలాసార్లు దాచిన వరస సరిగ్గానే ఉంటుంది, చూపించడంలోనే తేడా వస్తుంది.

అందుకే అక్షరాలను చేత్తో అటూ ఇటూ మార్చి సరిచేయకూడదు. 7-5-32/A బాగా కనిపించాలని A/32-5-7 అని తిప్పి టైపు చేస్తే, ఆ తెర మీద కుదిరినట్టే ఉంటుంది. అదే ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిచినా, అందులోంచి నంబరు కాపీ చేసి ఆన్‌లైన్ ఫారంలో పెట్టినా తప్పు నంబరే వెళ్తుంది.

ఇక తిరగబడటానికి కారణం. అరబిక్ అక్షరానికి, ఇంగ్లీషు అక్షరానికి సొంత దిశ ఉంది. చుక్క, ఖాళీ, బ్రాకెట్ వంటివాటికి సొంత దిశ లేదు, పక్కనున్నవాటిని బట్టి సర్దుకుంటాయి. అంకెల సంగతి వేరు. ఒక సంఖ్యలోని అంకెలు ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే ఉంటాయి కాబట్టి 32 ఎప్పటికీ 23 అవదు. కానీ పక్కపక్కన ఉన్న రెండు సంఖ్యల్లో ఏది ముందు అన్నది చుట్టూ ఉన్న అక్షరాలను బట్టి తేలుతుంది.

హైఫన్ దగ్గరే అసలు చిక్కు. అంకెలకు ముందు వచ్చిన చివరి అక్షరం అరబిక్ అయితే, ఆ అంకెలను కూడా అరబిక్ సంఖ్యలుగానే లెక్కిస్తారు. అప్పుడు హైఫన్ వాటిని కలిపి ఉంచలేదు. 7, 5, 32 మూడు విడి ముక్కలై కుడి నుంచి ఎడమకు పేర్చబడతాయి. రెండు సంఖ్యల మధ్య ఖాళీ లేకుండా వచ్చిన స్లాష్, చుక్క, కోలన్ మాత్రం అరబిక్ అక్షరం తర్వాత కూడా వాటిని కలిపే ఉంచుతాయి. అందుకే 01/04/2019 నిలబడుతుంది, 01-04-2019 తిరగబడుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. అదే 7-5-32 పట్టికలో తన గడిలో ఒంటరిగా ఉంటే సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే దాని ముందు అరబిక్ అక్షరం లేదు. వాక్యంలోకి తెచ్చి పెట్టగానే తిరుగుతుంది. పట్టికలో సరిచూశాం కదా అని వాక్యాన్ని వదిలేయవద్దు.

## 2. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- మూల పత్రం: ఇంగ్లీషు లేదా తెలుగు ప్రతి, కాగితం మీద పక్కనే ఉండాలి.
- ఆ పత్రంలో ఇంగ్లీషులోనే ఉండిపోయే ప్రతి ముక్క జాబితా: పేర్లు, డోర్ నంబర్లు, ఫోన్ నంబర్లు, పాస్‌పోర్ట్ నంబరు, తేదీలు, కంపెనీ పేరు, ఈమెయిల్.
- విండోస్‌లో అరబిక్ కీబోర్డు, వర్డ్‌లో అరబిక్ భాష చేర్చి ఉండాలి. ఇవి లేకపోతే పేరా దిశ మార్చే బటన్లు, మీటలు పనిచేయవు.
- అనువాదకుడి నుంచి వర్డ్ ఫైలు. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన అరబిక్ పాఠం వద్దు. అందులో అక్షరాల వరసే తారుమారై ఉండొచ్చు, దానికి కింద చెప్పే గుర్తులేవీ పనిచేయవు.

తెలుగు పనికి అలవాటైన మామూలు పేజ్‌మేకర్‌లో అరబిక్ లైను పెట్టకండి. కుడి నుంచి ఎడమకు రాసే లిపిని అది సంభాళించలేదు. పత్రమంతా వర్డ్‌లోనే పూర్తిచేసి పీడీఎఫ్ తీయడం మేలు.

## 3. పేరా దిశ సరిచేయండి

సగం తప్పులు ఇక్కడే పోతాయి. పేరాను కుడివైపుకు జరపడం వేరు, పేరా దిశను కుడి నుంచి ఎడమకు మార్చడం వేరు. `Ctrl+R` కొడితే పాఠం కుడి అంచుకు చేరుతుంది, దిశ మాత్రం ఎడమ నుంచి కుడికే ఉండిపోతుంది. చూడటానికి అరబిక్ పేజీలాగే ఉంటుంది కాబట్టి ఈ తప్పు కంటికి ఆనదు.

కర్సర్ పేరాలో పెట్టి `Ctrl` తో పాటు కుడివైపు `Shift` కొట్టండి. దిశ కుడి నుంచి ఎడమకు మారుతుంది. తిరిగి ఎడమ నుంచి కుడికి కావాలంటే `Ctrl` తో ఎడమవైపు `Shift`.

మారిందో లేదో చూడటానికి అరబిక్ రానక్కరలేదు. వాక్యం చివరి చుక్కను చూడండి. అది లైనుకు ఎడమ చివర ఉంటే దిశ సరైనది. కుడి చివర, అంటే వాక్యం మొదలయ్యే చోట ఉంటే దిశ ఇంకా తప్పే.

పట్టిక ఉంటే ప్రతి గడిలోని పేరాకూ ఇదే చేయాలి. పట్టికనంతా ఎంచుకుని ఒక్కసారే మీటలు కొట్టవచ్చు.

ఫోన్ సందేశాలు, కొన్ని వెబ్ పేజీలు దిశను తామే నిర్ణయించుకుంటాయి. లైనులో మొదట దొరికిన అక్షరం ఇంగ్లీషుదైతే లైనంతా ఎడమ నుంచి కుడికి తిప్పేస్తాయి. కంపెనీ పేరుతో మొదలయ్యే అరబిక్ వాక్యం అక్కడ చెదిరేది ఇందుకే. లైను మొదట్లో RLM గుర్తు పెడితే సర్దుకుంటుంది. ఆ గుర్తు సంగతి 5వ అంశంలో ఉంది.

## 4. దాచిన వరస సరైనదా కాదా, పరీక్షించండి

దిశ మార్చాక కూడా తిరగబడి ఉన్న ముక్కలను ఒక్కొక్కటిగా నోట్‌ప్యాడ్‌లో పరీక్షించాలి. కొత్త నోట్‌ప్యాడ్ తెరిచి, తిరగబడిన నంబరు ఒక్కటే, పక్కన అరబిక్ అక్షరం రాకుండా, కొత్త లైనులో అతికించండి.

అక్కడ 7-5-32/A అని కనిపిస్తే దాచిన వరస సరైనది. దిశ గుర్తు పెడితే చాలు. అక్కడ కూడా A/32-5-7 అనే వస్తే ఎవరో మునుపే చేత్తో తిప్పేశారన్నమాట. ముందు మూల పత్రం చూసి సరైన వరసలో మళ్లీ టైపు చేసి, ఆ తర్వాతే గుర్తు పెట్టాలి.

నంబరుతో పాటు కనిపించని గుర్తులు కూడా వచ్చి ఉండొచ్చు. నోట్‌ప్యాడ్‌లో కుడి క్లిక్ చేస్తే `Show Unicode control characters` అని ఉంటుంది. అది పెట్టుకుంటే గుర్తులు బయటపడతాయి. ఇంతకుముందు ఎవరో ఎడాపెడా పెట్టిన గుర్తులుంటే అన్నీ తీసేసి మొదటి నుంచి చేయడమే త్వరగా తేలే పని.

ఈ పరీక్ష మానేసి గుర్తులు పెట్టేవాళ్లే ఎక్కువ కష్టపడతారు. చేత్తో తిప్పిన నంబరుకు సరైన గుర్తు పెడితే అది తప్పుగా కనిపిస్తుంది. దాంతో గుర్తు పనిచేయలేదనుకుని ఇంకో గుర్తు పెడతారు.

## 5. డోర్ నంబరు సరిచేయడం

మన దగ్గర ప్రతి చిరునామాలోనూ హైఫన్లతో డోర్ నంబరు ఉంటుంది కాబట్టి దీన్నే ముందు నేర్చుకోవాలి. సాధనకు ఈ లైను కాపీ చేసుకోండి. మొదటి పదానికి చిరునామా అని అర్థం. ఇక్కడ ఎలా కనిపిస్తోందో పట్టించుకోకండి, వర్డ్‌లో కుడి నుంచి ఎడమకు దిశ ఉన్న పేరాలో అతికించాకే చూడండి.

```
العنوان: 7-5-32/A
```

ఇక్కడ వాడేది LRM అనే గుర్తు. అది తెర మీద కనిపించదు, చోటు తీసుకోదు. కానీ లెక్కలో ఒక ఇంగ్లీషు అక్షరంలా పనిచేస్తుంది. నంబరుకు ముందు అది ఉంటే, అంకెలకు ముందు వచ్చిన చివరి అక్షరం ఇప్పుడు అరబిక్ కాదు. దాంతో హైఫన్లు అంకెలను కలిపి ఉంచుతాయి. దీనికి జోడీ RLM, అది అరబిక్ వైపు దిశ ఉన్న అక్షరంలా పనిచేస్తుంది.

చేసే వరస:

1. కీబోర్డును ఇంగ్లీషుకు మార్చండి.
2. కర్సర్‌ను కోలన్, ఖాళీ తర్వాత, సరిగ్గా 7 కు ముందు పెట్టండి. తిరగబడిన లైనులో మౌస్‌తో క్లిక్ చేస్తే కర్సర్ ఎక్కడ పడిందో తెలియదు. లైను మొదట్లోకి వెళ్లి బాణం మీటతో జరుపుకుంటూ రండి.
3. `200E` అని టైపు చేసి వెంటనే `Alt+X` కొట్టండి. నాలుగు అక్షరాలూ మాయమవుతాయి, గుర్తు పడినట్టే.
4. నంబరు 7-5-32/A గా మారిందో చూడండి.

RLM కావాలంటే `200F` టైపు చేసి `Alt+X`.

మూడో మెట్టులో ఒక జాగ్రత్త. `Alt+X` కొట్టినప్పుడు వర్డ్ కర్సర్‌కు వెనకనున్న అక్షరాలను కోడ్‌గా చదువుతుంది. నంబరు చివర, అంటే A పక్కనే 200E అని టైపు చేస్తే అది A200E అని చదివి ఇంకేదో చేస్తుంది. అంకె పక్కన పెట్టినా ఇదే గొడవ. అలాంటి చోట టైపు చేసిన 200E నాలుగు అక్షరాలనే ఎంచుకుని, అప్పుడు `Alt+X` కొట్టాలి.

నోట్‌ప్యాడ్‌లో అయితే కుడి క్లిక్ చేసి `Insert Unicode control character` జాబితాలో LRM, RLM ఎంచుకోవచ్చు.

పత్రం సంఖ్యకూ ఇదే మందు. SKL/2023/147 లాంటి సంఖ్య ఇంగ్లీషు అక్షరంతో మొదలవుతుంది కాబట్టి చెదరదు. 147-B/2023 లాంటిది అంకెతో మొదలవుతుంది, అరబిక్ లైనులో B/2023-147 అయిపోతుంది. చూడటానికి అది కూడా నిజమైన సంఖ్యలాగే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. అంకెతో మొదలై హైఫన్ ఉన్న ప్రతి సంఖ్యనూ జాబితాలో ముందే గీత గీసి పెట్టుకోండి.

## 6. ఫోన్ నంబరు, తేదీ

+91 8942 000000 అని రాస్తే అరబిక్ లైనులో 000000 8942 91+ అని వస్తుంది. ఇక్కడ ఖాళీలే విడగొట్టాయి. ప్లస్ గుర్తుకు ముందు ఒక LRM పెడితే మొత్తం సర్దుకుంటుంది. ప్లస్ తర్వాత పెడితే అంకెలు బాగుపడతాయి గానీ ప్లస్ మాత్రం తప్పు వైపే ఉండిపోతుంది.

తేదీకి మాత్రం LRM నా మొదటి సలహా కాదు. రెండంకెల సంవత్సరంతో 01-04-19 అని రాసిన తేదీ అరబిక్ లైనులో 19-04-01 గా కనిపిస్తుంది. 2019 ఏప్రిల్ 1 కాస్తా 2001 ఏప్రిల్ 19 గా చదివే వీలుంది. LRM తో నిలబెట్టినా, కుడి నుంచి చదివే అలవాటున్నవాళ్లు ఏ వైపు నుంచి చదువుతారో చెప్పలేం. నెల పేరును అక్షరాల్లో, సంవత్సరాన్ని నాలుగంకెల్లో రాయించండి:

```
1 أبريل 2019
```

మధ్యలో అరబిక్ పదం ఉంది కాబట్టి రోజు కుడివైపు, సంవత్సరం ఎడమవైపు వాటంతటవే పడతాయి. గుర్తుల అవసరమే లేదు. నెల పేరు అనువాదకుణ్ణే రాయమనండి. గల్ఫ్‌లో వాడే పేరు, సిరియా, లెబనాన్ వైపు వాడే పేరు ఒకటి కావు.

2019-2023 వంటి వ్యవధి అరబిక్ లైనులో 2023-2019 అని కనిపిస్తే దాన్ని తప్పనుకోకండి. కుడి నుంచి చదివేవాళ్లకు మొదట 2019, తర్వాత 2023 అందుతాయి. అది వాళ్లకు సరైన వరస. దానికి LRM పెట్టి తిప్పితేనే తప్పవుతుంది. అనుమానం లేకుండా ఉండాలంటే "నుంచి", "వరకు" అనే అరబిక్ పదాలతో రాయించడం మంచిది.

## 7. కంపెనీ పేరు పక్కన సంఖ్య వస్తే

అనుభవ ధ్రువపత్రంలో తప్పక వచ్చే లైను ఇది. ఫలానా కంపెనీలో 4 సంవత్సరాలు పనిచేశాడు అని దీని అర్థం. కంపెనీ పేరు నమూనాకు పెట్టినది.

```
عمل في شركة Sample Works Ltd. 4 سنوات
```

కుడి నుంచి ఎడమకు పేరాలో దీన్ని చూడండి. 4 అనేది సంవత్సరాలు అనే పదం పక్కన ఉండాలి. కానీ అది కంపెనీ పేరుకు కుడివైపు, Ltd. పక్కకు చేరి, Sample Works Ltd. 4 అన్న ఒకే ముక్కలా కనిపిస్తుంది. ఎడమవైపు "సంవత్సరాలు" ఒంటరిగా మిగిలిపోతుంది. అంకెకు ముందు వచ్చిన చివరి అక్షరం ఇంగ్లీషుది కాబట్టి అంకె పేరులో భాగమైపోయింది.

ఇక్కడ రెండు పనులు కావాలి: చుక్క పేరుతో ఉండాలి, 4 పేరు నుంచి విడిపోవాలి. చుక్క తర్వాత RLM ఒక్కటే పెట్టి చూడండి. 4 సరైన చోటికి వెళ్తుంది, కానీ చుక్క కూడా దానితో పాటు కదిలి పేరుకు ముందు .Sample Works Ltd అన్నట్టు పడుతుంది. LRM ఒక్కటే పెడితే చుక్క నిలుస్తుంది, 4 కదలదు. అందువల్ల చుక్క తర్వాత ముందు LRM, దాని వెంటనే RLM, ఆ తర్వాత ఖాళీ, 4. వరస మారితే పనిచేయదు.

ఇంగ్లీషు పేర్ల జాబితాకూ ఇదే సూత్రం. వెల్డరు ధ్రువపత్రంలో GTAW, SMAW అని అరబిక్ కామాతో రాస్తే రెండూ కలిసి ఒకే ఇంగ్లీషు ముక్కగా మారి, రెండోది కుడివైపు పడుతుంది. కామా తర్వాత RLM పెడితే మొదటిది కుడికి వస్తుంది. పేర్ల పక్కన వరసగా గ్రేడులో సంవత్సరాలో ఉన్నప్పుడు ఇది తప్పక చూడాలి, లేకపోతే ఒకదాని గ్రేడు ఇంకోదానికి అంటుకుంటుంది.

వెబ్ పేజీకైతే ఈ గుర్తులతో పనిలేదు. ఇంగ్లీషు ముక్కను విడిగా చుట్టేస్తే, లోపలిది బయటికి అంటుకోదు, బయటిది లోపలికి రాదు.

```
<p dir="rtl">العنوان: <bdi dir="ltr">7-5-32/A</bdi></p>
```

## 8. తరచూ జరిగే తప్పులు

బ్రాకెట్లు తిప్పి టైపు చేయడం. అరబిక్ పేరాలో తెరిచే బ్రాకెట్ టైపు చేస్తే దాని బొమ్మ అద్దంలోలా తిరిగి కనిపిస్తుంది. అది సరైనదే. తిరిగిందని మూసే బ్రాకెట్ టైపు చేస్తే జత చెడుతుంది.

వర్డ్‌లో ఒకలా, నోట్‌ప్యాడ్‌లో ఒకలా ఉండటం. అరబిక్ కీబోర్డుతో టైపు చేసిన చుక్కను, అంకెను వర్డ్ అరబిక్ ముక్కగానే గుర్తుంచుకుంటుంది. గుర్తు పెట్టినా కదలకపోతే ఆ నంబరును చెరిపి, కీబోర్డు ఇంగ్లీషుకు మార్చి మళ్లీ టైపు చేయండి.

అంకెల రూపం మారిపోవడం. వర్డ్‌లో `File > Options > Advanced` లో `Numeral` అనే అమరిక ఉంది. అది `Context` లో ఉంటే అరబిక్ పక్కన 0-9 అంకెలు ٠-٩ రూపంలో కనిపిస్తాయి. దాచిన అంకెలు మారవు, బొమ్మ మాత్రమే మారుతుంది. పాస్‌పోర్ట్ నంబరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే కనిపించాలంటే దాన్ని `Arabic` కు మార్చండి. పేరు చూసి తికమక పడొద్దు, ఇక్కడ ఆ పేరు 0-9 కే పెట్టారు. ٠-٩ రూపాన్ని అక్కడ `Hindi` అంటారు.

సరిచేసిన వర్డ్ ఫైలునే పంపడం. అవతలి కంప్యూటర్ అమరికలు వేరుగా ఉండొచ్చు. పీడీఎఫ్ తీసి పంపండి.

## 9. ప్రింటు ఇచ్చే ముందు

సరిచూడటం వర్డ్ తెర మీద కాదు, పీడీఎఫ్ మీద జరగాలి. మూల పత్రం ఒకరు చదువుతుంటే ఇంకొకరు పీడీఎఫ్‌లో వేలు పెట్టి చూడటం నమ్మకమైన పద్ధతి.

- ప్రతి అరబిక్ వాక్యం చివరి చుక్క ఎడమ చివర ఉందా?
- డోర్ నంబరు, పత్రం సంఖ్య, పాస్‌పోర్ట్ నంబరు ఎడమ నుంచి కుడికి మూల పత్రంలో ఉన్నట్టే ఉన్నాయా?
- ఫోన్ నంబరులో ప్లస్ గుర్తు ఎడమ చివర ఉందా?
- ఒకే నంబరు పట్టికలోనూ వాక్యంలోనూ వస్తే రెండు చోట్లా ఒకేలా ఉందా?
- కంపెనీ పేరు చివరి చుక్క పేరుకు కుడివైపే ఉందా? పేరు తర్వాతి సంఖ్య పేరుకు ఎడమవైపు ఉందా?
- తేదీల్లో నెల అక్షరాల్లో ఉందా?
- నంబరు ఒక లైను చివర విరిగి రెండో లైనుకు పోయిందా? పోతే లైను సర్ది నంబరు మొత్తం ఒకే లైనులో ఉండేలా చూడండి.

చివరిగా ఆ పీడీఎఫ్‌ను అనువాదకుడికి ఒకసారి పంపించండి. అంకెలను మనం సరిచూడగలం. మన సవరణల్లో అరబిక్ అక్షరం ఏదైనా పొరపాటున చెరిగి ఉంటే దాన్ని పట్టగలిగేది ఆయనే.